పరీక్షించబడగా, గుర్తించబడినందున: ఒక రిపోర్టుతో తొమ్మిది రోజులు

రోజు 1

పని ఇదీ. నల్గొండ వైపు 11 ఊళ్ళలో తాగునీటి సర్వే చేసిన ఒక చిన్న సంస్థ వాళ్ళు 38 పేజీల తెలుగు రిపోర్టు పంపించారు. సర్వే చేసిన ఊళ్ళలోనే గ్రామసభలో చదవాలంట, కానీ రాసినోళ్ళకే రెండోసారి చదవబుద్ధి కావట్లేదంట. మేడమ్ ఫోన్‌లో చెప్పింది ఒకటే, "భాష తేలిక చెయ్యి, అర్థం మాత్రం కదలొద్దు, ఇందులో పంచాయతీల పేర్లున్నాయి, రేపు ఎవరైనా ఇది తప్పు అంటే మేం నిలబడాలి". సరే అన్నాను. చేయబడిందిని చేశారుగా మార్చడమేగా, రెండ్రోజుల పని అనుకున్నా.

ముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని ఫైల్‌ని టెక్స్ట్‌గా సేవ్ చేసి ఇది కొట్టాను:

```
grep -oE '[^ ]*(బడింది|బడినది|బడ్డాయి|బడగా|బడిన|బడుతు|బడాలి)[^ ]*' report.txt | sort | uniq -c | sort -rn
```

లెక్కలన్నీ కూడితే వచ్చినవి 61. 38 పేజీలకి అంతేనా అనిపించి చూస్తే, సగం రిపోర్టు యూనికోడ్‌లో లేదు, పాత "అను" ఫాంట్‌లో టైప్ చేసి పేస్ట్ చేశారు, స్క్రీన్ మీద తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి వేరే అక్షరాలు, వెతికితే ఏం దొరుకుతుంది. కన్వర్ట్ చేసి, ఒత్తులు అక్కడక్కడా చెదిరితే చేత్తో సరిచేసి (సాయంత్రం అంతా దీనికే పోయింది) మళ్ళీ కొడితే 174.

అందులో అన్నీ కర్మణి వాక్యాలు కావు. కనబడింది, నిలబడింది లాంటివి వాటంతట అవే క్రియలు, వాటిని ముట్టుకోకూడదు. ఇంకోవైపు "నిలిపివేయబడి" లాంటివి ఈ వలకి చిక్కలేదు. పోనీ అని ఉత్త "బడి" చేర్చి చూస్తే దిగుబడి, పెట్టుబడి, ఊరి బడి అన్నీ వచ్చి పడ్డాయి. తీసేసి ఆ రకం మాత్రం కంటితో వెతికాను. అసలు లెక్క 163.

ఇవి కాక "చేయడం జరిగింది" అనే ఇంకో రకం ఉంది, అది 90 చోట్ల. దీంట్లో "బడు" లేదు కాబట్టి ఇది కర్మణి కాదు అంటారు, వ్యాకరణం ప్రకారం నిజమే, కానీ ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకోడంలో రెండూ ఒకటే, అందుకే దీన్ని కూడా అదే జాబితాలో వేసుకున్నా.

రోజు 2

స్పీడ్‌గా వెళ్ళిపోయా ఇవాళ. తెలుగులో ఇది ఎంత సులువో అని సంబరపడ్డా కూడా. బావి తవ్వబడింది అనక్కర్లేదు, బావి తవ్వారు అంటే చాలు, ఎవరు తవ్వారో చెప్పకపోయినా వాక్యానికి లోటేం లేదు. పైగా మాటల వరస కూడా మార్చక్కర్లేదు, "ఈ బావిని 2009లో తవ్వారు" అంటే బావి మొదట్లోనే ఉంటుంది, వాక్యం బావి గురించే ఉంటుంది. అసలు మన ఇళ్ళల్లో ఎవరూ "అన్నం వండబడింది" అనరు కదా, వండారు అంటారు, లేదా వండి ఉంది అంటారు.

ఆ ఊపులో 40 వాక్యాల చివర తవ్వారు, వండారులో ఉన్న "ఆరు" తగిలించేశా.

రోజు 3

నిన్నటి 40 చదువుకుంటే తల తిరిగింది. "నమూనాలు సేకరించారు. ఇంటింటికీ తిరిగారు. పైపులైన్ పరిశీలించారు." ఎవరు? సర్వే చేసింది ఈ సంస్థే కదా, రిపోర్టు రాసిందీ వాళ్ళే. "సేకరించారు" అనగానే వేరే ఎవరో చేసినట్టు, వీళ్ళు పక్కన కూర్చుని చూసినట్టు అయిపోయింది. "సేకరించబడ్డాయి" అన్నప్పుడు మనమా వాళ్ళా అన్నది తేలకుండా ఉండేది, నేను "ఆరు" పెట్టిన క్షణంలో "మేం కాదు" అని తేల్చేశా. ఆ మాట రిపోర్టులో ఎక్కడా లేదు, నేను కలిపింది.

అంటే సేకరించారులో "ఆరు", సేకరించాంలో "ఆం" అన్నవి ఇక్కడ ఉత్త ప్రత్యయాలు కాదు, ఒక్కోటీ ఒక్కో సాక్ష్యం. రెంటిలో ఏది పెట్టినా ఎవరు చేశారన్నది తేల్చి చెప్పినట్టే.

సరే, అన్నీ వెనక్కి తిప్పి, ప్రింట్ తీసుకుని, ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో "ఎవరు?" అని రాయడం మొదలుపెట్టా. రిపోర్టులోనే జవాబుంటే పేరు రాసేస్తా. లేకపోతే పసుపు రంగు పూస్తా, సంస్థ తరఫున ఫీల్డ్ చూసిన అన్నని అడగడానికి. ఇవాళ మొత్తం ఇదే, ఒక్క వాక్యం కూడా మార్చలేదు. పసుపు పూసినవి 47.

రోజు 4

అన్నతో గంటన్నర ఫోన్. పాపం బైక్ పక్కన ఆపి మాట్లాడాడు. 47లో 30 దాకా అక్కడికక్కడే తేలిపోయాయి, అవన్నీ రాయను. "ద్వారా" సంగతి మాత్రం రాయాలి.

రిపోర్టులో ఉన్న వాక్యం: "శిక్షణ ఇవ్వబడిన 22 మంది మహిళల ద్వారా ఇంటింటి సర్వే నిర్వహించబడింది."

నేను రాసింది: "శిక్షణ ఇచ్చిన 22 మంది మహిళలు ఇంటింటి సర్వే చేశారు."

అన్నకి చదివి వినిపిస్తే నవ్వాడు. "చెల్లె, ఆళ్ళు ట్రైనింగ్ ఇచ్చిన్రా? మేం ఇచ్చినం ఆళ్ళకి."

నిజమే కదా! మనకి "ఇచ్చిన" అనే మాట రెండు వైపులా తిరుగుతుంది. ఇచ్చిన మనిషికీ అదే, ఇచ్చిన వస్తువుకీ అదే, పుచ్చుకున్నవాళ్ళకీ అదే. "ఇచ్చిన కార్డులు" అంటే గొడవ లేదు, కార్డులు ఎవరికీ ఏమీ ఇవ్వలేవు కాబట్టి. కానీ "శిక్షణ ఇచ్చిన మహిళలు", "ఎంపిక చేసిన రైతులు" అన్నప్పుడు మనుషులు ఆ పని చెయ్యగలరు, చదివేవాళ్ళు ముందు అలాగే అనుకుంటారు. ఇక్కడ "ఇవ్వబడిన" అన్న పాడు మాటే అర్థాన్ని కాపాడుతోంది, నేను దాన్ని పీకేసి ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళని ట్రైనర్లని చేసేశా. మనుషుల ముందు "బడిన" కనిపిస్తే ఇక క్రియే మార్చాలని రాసుకున్నా: శిక్షణ తీసుకున్న మహిళలు, ఎంపికైన రైతులు.

ఇక ఆ "ద్వారా". సర్వే ఎవరిది? సంస్థది. ఇల్లిల్లూ తిరిగింది? మహిళలు. "మహిళలు సర్వే చేశారు" అంటే సంస్థ మాయమైపోతుంది, "మేం సర్వే చేశాం" అంటే మహిళలు మాయం. దీనికి తెలుగులో మంచి మందుంది, చేయించు. "మా దగ్గర శిక్షణ తీసుకున్న 22 మంది మహిళలతో ఇంటింటి సర్వే చేయించాం." ఇద్దరూ ఉన్నారు, ఎవరి పాత్ర వాళ్ళకుంది. రాయించాం, కొలిపించాం, పిలిపించాం అని ఇంట్లో రోజూ అనే మాటలే, రిపోర్టు దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఎవరికీ గుర్తురావు.

అన్ని ద్వారాలూ చేయించులు కావు కానీ. ఇంకోటి: "మోటారు మరమ్మతు ఖర్చు గ్రామ పంచాయతీ ద్వారా చెల్లించబడింది." పంచాయతీ చెల్లించింది అని రాసేసుకున్నా నేను. అన్న చెప్పిందేంటంటే డబ్బు సంస్థదే, పంచాయతీ ఖాతాలో వేస్తే అక్కణ్ణుంచి మెకానిక్‌కి వెళ్ళింది. నా వాక్యం గ్రామసభలో చదివి ఉంటే సంస్థ ఇచ్చిన డబ్బు పంచాయతీ ఇచ్చినట్టు అయిపోయేది, ఇంకోలా చెప్పాలంటే పంచాయతీ పెట్టని ఖర్చు పెట్టిందని మేమే రాసిచ్చినట్టు. "మోటారు రిపేరుకి డబ్బు మేం ఇచ్చాం, అది పంచాయతీ ఖాతా నుంచి మెకానిక్‌కి వెళ్ళింది" అని మార్చా. వాక్యం పొడుగైంది, పొడుగైతే కానీ అనుకున్నా. "ద్వారా" ఉన్న ప్రతిచోటా చేసిందెవరు, మధ్యలో ఉన్నదెవరు అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలని మొదటి పేజీ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకున్నా.

రోజు 5

కరెంటు లేదు సగం రోజు. చిన్నవి చేశా, 20 దాకా.

రోజు 6

ఇవాళ మొత్తం ఒక్క వాక్యం మీదే గడిచింది. ఇదీ ఆ మహానుభావుడు:

"సదరు గ్రామంలోని ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి సేకరించబడిన నీటి నమూనాలు బృందం ద్వారా కిట్ల సహాయంతో పరీక్షించబడగా, ఫ్లోరైడ్ పరిమాణం అనుమతించబడిన పరిమితి కంటే అధికంగా ఉన్నట్లు గుర్తించబడినందున, గ్రామ పంచాయతీ ద్వారా సదరు బోరు వినియోగం నిలిపివేయబడి, ప్రత్యామ్నాయ బోరు నుండి నీరు సరఫరా చేయబడుతున్నది."

ఒక్క ఫుల్‌స్టాప్, ఆరు "బడు"లు. నా మొదటి ప్రయత్నం:

"ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నీళ్ళు తీసి కిట్లతో పరీక్షించాం. ఫ్లోరైడ్ పరిమితి కంటే ఎక్కువ ఉందని తేలింది. అందుకే పంచాయతీ ఆ బోరు ఆపేసి వేరే బోరు నుంచి నీళ్ళిస్తోంది."

చదవడానికి హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉంటే అంత అనుమానం రావాలని ఈపాటికి నేర్చుకున్నా కాబట్టి, ముక్క ముక్క అన్నకి చదివా.

మొదటి ముక్కలోనే దొరికిపోయా. నీళ్ళు పట్టింది వాటర్‌మన్, ముందు రోజు సాయంత్రం, సీసాల్లో. సంస్థ వాళ్ళు మర్నాడు పరీక్ష చేశారు. నేను "తీసి పరీక్షించాం" అన్నా. తెలుగులో తీసి, చేసి, చూసి అని ముడేసుకుంటూ పోతే ఆ పనులన్నీ ఒకరే చేసినట్టు లెక్క, చివర్లో "ఆం" ఉంటే మొదటి పనీ "ఆం"దే. పాత వాక్యంలో "సేకరించబడిన", "పరీక్షించబడగా" విడివిడిగా ఉన్నాయి, ఇద్దరు వేర్వేరు మనుషులకి అందులో చోటుంది. వాక్యం కుదించే తొందరలో ఆ చోటు నేనే మూసేశా. నీళ్ళ పరీక్షలో నమూనా ఎవరు పట్టారు, ఎప్పుడు పట్టారు అన్నది చిన్న విషయం కాదు, ఎవరైనా ఫలితం తప్పంటే మొదట అడిగేది అదే.

ఇదే తప్పు చివర్లో కూడా. "పంచాయతీ బోరు ఆపేసి వేరే బోరు నుంచి నీళ్ళిస్తోంది." ఆపింది పంచాయతీనే. కానీ ఇప్పుడు నీళ్ళిస్తున్న బోరు ఊళ్ళో ఒక రైతుది, ఆయన తన పొలం బోరు నుంచి పైపేసి ఇస్తున్నాడు. నా "ఆపేసి" ఆ రైతు పుణ్యం పంచాయతీకి రాసేసింది.

ఇక మధ్యలోది అసలు కథ. "అనుమతించబడిన పరిమితి". ఎవరు అనుమతించారు, ఎంత అనుమతించారు? నేను "బడిన" తీసేసి ఉత్త "పరిమితి" అన్నా కాబట్టి ప్రశ్న పోలేదు, దాక్కుంది అంతే. తాగునీటికి మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500లో ఫ్లోరైడ్‌కి రెండు అంకెలున్నాయి, లీటరుకి 1.0 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు ఏదీ లేకపోతే మాత్రం 1.5 దాకా అనుమతి. రిపోర్టు వెనక టేబుల్ చూస్తే ఈ ఊరికి "1.0–1.5 మధ్య" అని ఉంది. కిట్ అంటే నీళ్ళలో మందు చుక్కలేసి వచ్చిన రంగుని కార్డు మీద రంగులతో పోల్చడం, రెండు రంగుల మధ్య పడితే అలాగే రాస్తారు. అంటే 1.0 పరిమితి అనుకుంటే వాక్యం నిజం, 1.5 అనుకుంటే అబద్ధం!

ఇక్కడ నేను తెలివితేటలు చూపించి ఒక అంకె వేసెయ్యకూడదు, అది ఎడిటింగ్ కాదు. మేడమ్‌కి ఫోన్ చేశా. "రైతు బోరు ఉంది కదా అక్కడ, వేరే వనరు ఉన్నట్టే, అందుకే మేం 1.0 తీసుకున్నాం" అంది. అయితే ఆ మాటే రాద్దాం మేడమ్ అన్నా. సరే అంది, కొంచెం ఆగి "అది రాయలేదా మేం?" అని అడిగింది. రాయలేదు, "అనుమతించబడిన" అని రాశారు.

"గుర్తించబడినందున" కూడా కొంచెం చూడాలి. నేను "తేలింది" అన్నా, అది ల్యాబ్ రిపోర్టు వచ్చినట్టు గట్టిగా ఉంది. కిట్ చూపించింది అంటే చాలు, ఉన్నదంతే. కానీ "నందున" మాత్రం పోకూడదు, బోరు ఆపడానికి కారణం ఇదే అని రిపోర్టు చెప్తోంది, ముక్కలు చేశాక "అందుకే" అతికించకపోతే రెండు వేర్వేరు వార్తల్లా ఉంటాయి.

ఆఖరికి ఇలా వచ్చింది:

"ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వాటర్‌మన్ నీళ్ళు పట్టి ఇచ్చాడు. మర్నాడు మేం వాటిని కిట్లతో పరీక్షించాం. ఫ్లోరైడ్ లీటరుకి 1.0, 1.5 మిల్లీగ్రాముల మధ్య చూపించింది. వేరే నీటి వనరు ఉన్న ఊరికి బీఐఎస్ ఒప్పుకునేది 1.0 దాకానే. అందుకే గ్రామ పంచాయతీ ఆ బోరు వాడకం ఆపేసింది. ఇప్పుడు ఊళ్ళో ఒక రైతు తన బోరు నుంచి నీళ్ళిస్తున్నాడు."

ఒక వాక్యం ఆరైంది. మాటలు పాతదానికంటే ఎక్కువే. పొట్టిగా చెయ్యమని ఎవరూ అనలేదు కాబట్టి పర్లేదు.

రోజు 7

జంట క్రియలతో తగువు. పగిలింది, పగలగొట్టారు. ఆగింది, ఆపారు. కాలింది, కాల్చారు. "బడు" తీసెయ్యాలనుకున్నప్పుడు ఈ జంటలో మొదటిది చేతికి తొందరగా వస్తుంది, పొట్టిగా ఉంటుంది, వినసొంపుగా కూడా ఉంటుంది, అదే దాని ప్రమాదం.

"ఏప్రిల్ నెలలో నీటి సరఫరా 4 రోజులు నిలిపివేయబడింది." దీన్ని "ఆగింది" అంటే మోటారు కాలిందో పైపు పగిలిందో అనిపిస్తుంది, మనుషుల ప్రమేయం లేదు. నిలిపివేయబడింది అన్నదాంట్లో ఎవరో ఆపారని ఉంది, పేరు మాత్రం లేదు. అన్నకీ ఎవరో తెలీదంట. అందుకని "ఆపారు", పేరు లేకుండా. ఇక్కడ ఊరూపేరూ లేని "ఆరు" సరిగ్గా సరిపోయింది, మేం కాదు, ఎవరో మనుషులు, అంతవరకే తెలుసు.

తర్వాత వాల్వు గది తాళం. "తాళం పగలగొట్టబడి ఉన్నట్లు గమనించబడింది." పగిలి ఉంది అంటే తాళం దానంతటదే పాడైనట్టు. "ఎవరో తాళం పగలగొట్టారు" అంటే జరుగుతుంటే చూసినట్టు, పోలీస్ కంప్లైంట్ వాసన కూడా వస్తుంది. వీళ్ళు చూసింది తాళం పరిస్థితి మాత్రమే. "ఎవరన్నా కావాలని కొట్టినట్టే ఉందా అన్నా" అని అడిగితే "రాయితో కొట్టిన గుర్తు కనిపిస్తనే ఉంది చెల్లె, ఎవరన్నది ఎట్ల తెలుస్తది" అన్నాడు. అయితే ఇదే: "మేం వెళ్ళేసరికి వాల్వు గది తాళం పగలగొట్టి ఉంది." గోడ మీద రాసి ఉంది, తలుపు వేసి ఉంది అంటాం చూడండి, అదే పద్ధతి. ఎవరో చేసిన పనే అని తెలుస్తుంది, ఎవరన్నది ఎత్తదు, చూసినప్పటి స్థితి చెప్తుంది. "బడి ఉంది" కనిపించిన 14 చోట్లా దాదాపు ఇదే సరిపోయింది, నాకు ఈ మొత్తం పనిలో నచ్చింది ఇదే.

లేదు అన్న వాక్యాలకి వేరే జాగ్రత్త. "రిజిస్టరులో క్లోరినేషన్ వివరాలు నమోదు చేయబడలేదు." నమోదు చేయలేదు అంటే వాటర్‌మన్ మీదకి వెళ్తుంది వేలు. ఆ నెల పేజీయే లేదంట రిజిస్టరులో, రాసి చించేశారో అసలు రాయలేదో ఎవరికీ తెలీదు. "మేం చూసిన రిజిస్టరులో క్లోరినేషన్ వివరాలు లేవు" అని రాశా. ఉన్నది ఉన్నట్టు.

రోజు 8

"చేయడం జరిగింది"లు 90 ఒకేరోజు తుడిచేశా. ఇవి తేలిక, ఎందుకంటే రాసినాయన దీన్ని తమ సొంత పనులకే వాడాడు, 84 చోట్ల "ఆం" పడింది. మిగతా ఆరూ పంచాయతీవి.

అనుబంధంలో పాత సర్క్యులర్ ఒకటి యథాతథంగా వేశారు, "ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని. దాన్ని ముట్టుకోలేదు, అది వేరేవాళ్ళ మాట.

రోజు 9

ఆఖరి పరీక్ష నేను చెయ్యకూడదని, రిపోర్టు ఎప్పుడూ చూడని మా వదినకి 20 కొత్త వాక్యాలిచ్చి, ఒక్కోదాంట్లో ఎవరు ఏం చేశారో చెప్పమన్నా. ఆమె చెప్పింది పాత వాక్యం పక్కన పెట్టి చూసుకున్నా. 18 సరిపోయాయి. ఒకదాంట్లో "సర్పంచ్‌కి చూపించిన మ్యాపు" అన్నచోట "కి" ఎగిరిపోయి "సర్పంచ్ చూపించిన మ్యాపు" అయింది, నా టైపింగే. ఇంకోదాంట్లో వరసగా నాలుగు వాక్యాల ముందు "మేం" వేయకుండా "ఆం"తోనే నడిపా, వదిన "ఎవరు, ఊరోళ్ళా?" అంది. ఊళ్ళో చదివేటప్పుడు వినేవాళ్ళకి కూడా "వెళ్ళాం, చూశాం" అంటే మనందరం అనిపించొచ్చు, నిజమే. ప్రతి పేరా మొదట్లో ఒక్కసారి "మేం" వేసుకుంటూ వచ్చా, మనం కాదు, మేం.

163లో ఇప్పుడు మిగిలినవి 6. నాలుగు సర్క్యులర్‌లోవి. మిగతా రెండూ సిఫార్సుల పేజీలో ఒకే వాక్యంలో ఉన్నాయి: "ట్యాంకు ప్రతి 15 రోజులకు ఒకసారి శుభ్రపరచబడి, క్లోరినేషన్ చేయబడాలి." శుభ్రం చేసి క్లోరిన్ కలపాలి అనడం ఎంతసేపు, కానీ కలపాల్సింది ఎవరు? వాటర్‌మన్ అని వేస్తే బ్లీచింగ్ పౌడర్ ఆయన కొనుక్కోవాలా అని అడుగుతారు, పంచాయతీ అని వేస్తే సంస్థ ఇంకా ఎవరితోనూ మాట్లాడని బాధ్యత వాళ్ళ నెత్తిన పెట్టినట్టు. మేడమ్‌కి కూడా తెలీదు, ఆ వాక్యం రాసినప్పుడు ఎవరూ ఆలోచించలేదంట. పసుపు రంగుతో అలాగే ఉంచి ఫైల్ పంపించా. సోమవారం అన్న ఆ ఊరు వెళ్తున్నాడు, పంచాయతీ కార్యదర్శినీ వాటర్‌మన్‌నీ కూర్చోబెట్టి అడిగొస్తానన్నాడు.